పసుపు కింద రంగు

డాక్టర్ సుచరిత గారి మెడలో స్టెతస్కోపు ఉన్నా లేకపోయినా, కోటు జేబులో చిన్న స్టీలు స్కేలు, దర్జీ టేపు మాత్రం ఉండి తీరతాయి. పాతబస్తీలో ఒక సర్కారు దవాఖానాలో క్యాజువాలిటీ డాక్టరు ఆమె. దెబ్బలు తిన్న ఆడవాళ్లను వెంటబెట్టుకుని అక్కడికి తీసుకెళ్లడం, ఉమెన్ కానిస్టేబుల్‌గా నా పని. పోలీసు కేసు అయితే గాయాల రికార్డు రాయాలి. మిగతా డాక్టర్లు చకచకా రాసిచ్చే కాగితానికి ఈమె బోలెడంత సేపు తీసుకునేది. కొట్టినవాడు ఏ టీ కొట్టు దగ్గరో హాయిగా కూర్చుని ఉంటాడు, మేమేమో ఇక్కడ సెంటీమీటర్లు లెక్కబెట్టుకుంటూ ఉండాలా అని నాకు ఒళ్లు మండిపోయేది.

సుచరిత గారి వాళ్లది తెనాలి వైపు. తండ్రి గోపాలకృష్ణమూర్తి గారు నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఈ ఊరొచ్చి మలక్‌పేటలో స్థిరపడ్డారు. కాలువ గీత తప్పు గీస్తే నీళ్లు ఎవరో ఒకరి చేలోకి పోతాయని కూతురికి చిన్నప్పుడు చెప్పేవారట. ఆ మాట ఆమెకు తలకెక్కింది. భర్త వంశీధర్ గారు "మా ఆవిడ దోసెకు కూడా కొలతలు రాస్తుంది" అని ఏడిపిస్తే నవ్వేసేది. పెళ్లిళ్లకు ఆలస్యంగా వెళ్లేది, మధ్యాహ్నం తినాల్సిన అన్నం సాయంత్రం తినేది. అంతకు మించి ఆమె గురించి చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు, బాలమ్మ కేసు రాకపోయి ఉంటే.

బాలమ్మది యాకుత్‌పురా. మూడు తరాలుగా పాల వ్యాపారం. భర్త పోయాక బర్రెల కొట్టం ఆమే నడుపుతోంది. ఆ జాగా అమ్మేసి సొమ్ము చేసుకోవాలని మరిది రామ్‌చందర్ పట్టుబట్టాడు. నేను సంతకం పెట్టనంది ఆమె. ఒకరోజు పొద్దున పాలు పితికే వేళకు అతను వచ్చి, బర్రెల్ని అదిలించే వెదురుకట్టెతోనే ఆమెను బాదాడు. చుట్టుపక్కల ఆడవాళ్లు పరుగున వచ్చి, మన ఇళ్లలో ఎవరైనా చేసేదే చేశారు. నువ్వులనూనెలో పసుపు కలిపి దెబ్బల మీద దట్టంగా పట్టించారు. కూతురు పూజిత డిగ్రీ చదువుతోంది. ఆ పసుపు చేతిని ఫోన్‌లో ఫొటో తీసి, కోపంగా చుట్టాల గ్రూపులో పెట్టేసింది. ఆ గ్రూపులో బాబాయి కూడా ఉన్నాడన్న ధ్యాస ఆ క్షణంలో ఎవరికుంటుంది!

స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకుని, దవాఖానాకు రాసిన లెటర్‌తో వాళ్లను నేనే తీసుకెళ్లాను. సుచరిత గారు ముందు నొప్పికి ఇంజెక్షన్ ఇప్పించారు. తర్వాత నన్ను బయటికి పంపేశారు.

"రాజమణి గారూ, మీరు తెర అవతల ఉండండి. పక్కన పోలీసు ఉంటే పేషెంటు చెప్పాల్సింది చెప్పదు."

నాకు చిర్రెత్తుకొచ్చింది, అయినా బయట నిలబడ్డాను. లోపల మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"అమ్మా, మీ ఒంటి మీద దెబ్బలు చూస్తాను, కొలుస్తాను, రాసుకుంటాను. మీకు సరేనా? కొలవద్దంటే కొలవను. వైద్యం మాత్రం ఎలాగూ చేస్తాను."

"చూడమ్మా. చూపించనీకే గదా వచ్చిన."

ఏం జరిగిందో అడిగి, బాలమ్మ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. తర్వాత బేబీ అనే నర్సు టేపు పట్టుకుంటే, డాక్టరు ఒక్కో మాటా పైకి అంటూ రాయసాగారు.

"ఒకటో గాయం. ఎడమ ముంజేయి, చిటికెనవేలి వైపు అంచు. మోచేతి కొస నుంచి ఆరు సెంటీమీటర్ల కింద. చర్మం మీద పసుపు రంగు పదార్థం, నూనె జిడ్డు, పసుపు వాసన. ఇంట్లో పూశామని పేషెంటు చెప్పింది." తడి దూదితో తుడుస్తున్నట్టున్నారు. "మంటగా ఉందా? ఆపమంటారా? సరే, మెల్లగా… టేపు పట్టు బేబీ. తుడిచాక కింద రంగు ఎరుపు కలిసిన ఊదా. పక్కపక్కన రెండు గీతలుగా కమిలింది. పొడవు తొమ్మిది. రెండు గీతల మధ్య ఎడం రెండు. ఆ మధ్యలో చర్మం పాలిపోయింది. చుట్టూ వాపు, తాకితే నొప్పి."

అలాగే వీపు మీద కుడి రెక్క ఎముక దగ్గర రెండోది. ఎడమ తొడ వెలుపల మూడోది. ఒక్కదానికీ తొందర లేదు. అన్నీ అయ్యాక నన్ను, పూజితను లోపలికి పిలిచారు. బల్ల మీద మనిషి బొమ్మలు రెండున్నాయి, ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి. ముఖం లేదు, ఉత్త గీతల మనిషి. దాని మీద గాయం ఉన్నచోటే, ఉన్న వాలులోనే జంట గీతలు గీసి ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేస్తున్నారు.

పూజితకు ఒళ్లు మండింది. "ఏంది మేడం గిది? గొడ్డును బాదినట్టు బాదిండు మా అమ్మను. దారుణంగ కొట్టిండని రాయుండ్రి! టైలర్ లెక్క టేపు పట్టుకుంటే ఏమొస్తది?"

"ఎవరు కొట్టారో మీ అమ్మగారు చెప్పారు, అది ఆవిడ మాటగా రాశాను. నా కంటికి కనపడింది నా మాటగా రాశాను. రెండూ కలిపేస్తే రెండూ చెడిపోతాయమ్మా."

ఎక్స్‌రే వచ్చేదాకా ఆమె అభిప్రాయం రాయలేదు. ఎముక విరగలేదని తేలాక "సాధారణ గాయాలు, పదునులేని మొద్దు ఆయుధంతో తగిలే అవకాశం ఉంది" అని రాశారు. ఎముక విరగడం లాంటిది ఉంటేనే తీవ్రం అంటుంది చట్టం. ఇది చట్టం మాటే గాని నొప్పి లెక్క కాదని ఎంత చెప్పినా పూజిత వినలేదు. నిజం చెప్పాలంటే నేనూ పళ్లు కొరుక్కున్నాను. మర్నాడు ఆ పిల్ల, రాసింది మారుస్తారేమోనని క్యాన్‌లో చిక్కటి పాలు పోసుకుని వస్తే, డాక్టరమ్మ తిప్పి పంపేశారు. "కేసు అయ్యాక తెండి, తాగుతాను."

కేసు విచారణకు వచ్చేసరికి నన్ను కోర్టు డ్యూటీకి మార్చారు. అందుకే అక్కడ జరిగింది కళ్లారా చూశాను.

ముందు బాలమ్మ సాక్ష్యం. రామ్‌చందర్ లాయరు తిమ్మిని బమ్మిని చేయగల మనిషి. పూజిత గ్రూపులో పెట్టిన ఫొటో అచ్చు వేయించి తెచ్చాడు.

"ఈ చెయ్యి నీదేనా? ఆ రోజు ఇలాగే పసుపు రంగులో ఉందా?"

"అవు సారూ, గట్లనే ఉండె."

"అంతే. ఇంకేం లేదు."

పసుపు పూసిన చెయ్యి పసుపుగా కాక ఎట్లుంటది సారూ అని ఎదురడగడం బాలమ్మకు రాదు. మా సర్కారు వకీలుకూ అప్పుడు తట్టలేదు. మధ్యాహ్నానికి గాని లాయరు ఎత్తు మాకు అర్థం కాలేదు. కమిలిన దెబ్బ పసుపు రంగుకు తిరగాలంటే రోజులు పడుతుంది. కాబట్టి ఇవి పాత దెబ్బలు, కొట్టంలో ఎప్పుడో జారిపడింది, జాగా కోసం మరిది మీదకు తోసింది. ఇదీ అతని వాదన. అది నిలబడితే రామ్‌చందర్ చేతులు దులుపుకుని పోతాడు, నేరుగా కొట్టంలోకే పోతాడు. బాలమ్మ వరండాలో గోడకానుకుని కూర్చుండిపోయింది. "నా నోటితోటే నేను చెడగొట్టుకున్ననా రాజమణీ?" అంది. వెళ్లి ఆమె పక్కనే కూర్చున్నాను.

సుచరిత గారు బోనెక్కారు. రికార్డు చూసుకోవడానికి జడ్జిగారి అనుమతి అడిగారు.

లాయరు తియ్యగా మొదలుపెట్టాడు. "డాక్టర్‌గారూ, కమిలిన గాయం తాజాగా ఉన్నప్పుడు పసుపు రంగులో ఉంటుందా?"

"ఉండదండి. ఆ రంగు తర్వాత వస్తుంది."

"రంగు చూసి గాయం ఏ రోజుదో కచ్చితంగా చెప్పగలరా?"

"చెప్పలేను."

మా వకీలు తల పట్టుకున్నాడు. లాయరు ఫొటో పైకెత్తాడు. "మరి ఈ పసుపు రంగు?"

"అది నేనూ చూశాను. రాశాను." కాగితం తిప్పి, గొంతు పెంచకుండా, ఆ రోజు తెర వెనక నుంచి నేను విన్న ప్రతి మాటా అలాగే చదివారు. పసుపు పదార్థం, నూనె జిడ్డు, వాసన, తుడిచాక కింద ఎరుపు కలిసిన ఊదా. చదివి తలెత్తారు. "ఈ పసుపు రంగు దూదితో తుడిస్తే పోయింది. గాయం రంగు తుడిస్తే పోదండి. కింద నేను చూసిన రంగు, వాపు, నొప్పి తాజా గాయానికి సరిపోతాయి."

లాయరు వదల్లేదు. "జారిపడితే ఇలా కావచ్చు కదా?"

"ఒకసారి పడితే చేతికి, వీపుకు, తొడకు మూడుచోట్లా మధ్యలో పాలిపోయిన జంట గీతలు పడటం సాధారణంగా జరగదు. కర్రలాంటి పొడవాటి వస్తువు తగిలితే పడతాయి. మొదటిది తలను కాపాడుకోవడానికి చెయ్యి అడ్డం పెడితే తగిలే చోట ఉంది." బొమ్మ మీద వేలు పెట్టి చూపించారు. జడ్జిగారు ముందుకు వంగి చూశారు.

"కొట్టింది నా క్లయింటే అని మీరు చెప్పగలరా?"

"చెప్పలేను. నేను చూడలేదు."

తనకు తెలియనిది తెలియదని ఇంత నిబ్బరంగా చెప్పిన మనిషి, తెలుసని చెప్పినదాన్ని ఇక ఎవరు కాదనగలరు? ఎన్నో సాక్ష్యాలు విన్నాను, ఏడ్చినవాళ్లను, ఒట్లు పెట్టినవాళ్లను చూశాను. ఒక దూది ఉండ, ఒక స్కేలు ఇంత బరువు మోయగలవని నాకు అప్పటిదాకా తెలియదు. గుళ్లో కూడా నేనంత భక్తిగా నిలబడలేదంటే నమ్మండి.

చుట్టుపక్కలవాళ్లు ఇద్దరు కొట్టడం చూశామని అంతకు ముందే చెప్పి ఉన్నారు. వాళ్ల మాటకు ఈ కాగితం తోడైంది. రామ్‌చందర్‌కు శిక్ష పడింది. కొట్టం బాలమ్మ చేతిలోనే ఉంది.

తీర్పు వచ్చిన వారం బాలమ్మ, పూజిత, నేను దవాఖానాకు వెళ్లాం. కొట్టంలో బర్రె ఈనింది, గిన్నె నిండా జున్ను తెచ్చారు. పూజిత తల వంచుకుని గిన్నె అందించింది.

"కేసు అయిపోయిందిగా, తింటాను" అని సుచరిత గారు అక్కడే చెంచా అడిగారు.

బాలమ్మ ఆమె వైపే చూస్తూ ఉంది. "ఆ దినం మీరు పసుపు తుడుస్తుంటే నాకు ఏడుపొచ్చింది అమ్మా. దెబ్బలకు గాదు. నా పెనిమిటి పోయినంక నన్ను గంత మెల్లగ ముట్టుకున్నోళ్లు లేరు."

డాక్టరమ్మ చెంచా కింద పెట్టేశారు. కొలవడానికి ఏదీ దొరకనప్పుడు ఆమెకూ మాట రాదని ఆ రోజే చూశాను. చివరికి తనకు తెలిసిన ప్రశ్నే అడిగారు.

"ఎడమ చెయ్యి ఇప్పుడు పూర్తిగా లేస్తోందా? ఏదీ, చూపించండి."

బాలమ్మ ఆ చేతిని తల మీదికి ఎత్తింది. ఈసారి దేనికీ అడ్డంగా కాదు.