సెన్సర్‌ను గుర్తించని ల్యాప్‌టాప్

నేను పళ్ల డాక్టర్ని. టెక్సస్‌లోని ప్లేనో చుట్టుపక్కల కేర్ హోముల్లో మంచం దిగలేని వృద్ధుల దగ్గరకు నేనే వెళ్లి చూస్తాను. చేత్తో పట్టుకునే ఎక్స్‌రే యంత్రం, రోగి నోట్లో పెట్టే చిన్న సెన్సర్, ఆ సెన్సర్ వైరు తగిలించే ల్యాప్‌టాప్. ఈ మూడూ ఉంటేనే చిగుళ్ల కింద ఏముందో నాకు తెలుస్తుంది. పాత ల్యాప్‌టాప్ రెండో గదికే చార్జింగ్ అడిగేది. మంచాల వెనుక ప్లగ్గులు గాలి పరుపుల పంపులకూ ఆక్సిజన్ యంత్రాలకూ పోగా నాకు మిగిలేవి కావు. పొడుగాటి ఎక్స్‌టెన్షన్ వైరు మోసుకుని తిరిగి తిరిగి, సాయంత్రానికి భుజం పైకి లేచేది కాదు.

రెడ్‌మండ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తమ్ముడితో ఫోన్లో ఈ గోడు చెప్పుకున్నాను.

“తక్కువ కరెంటుతో నడిచే ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్ కొనుక్కో అక్కా. నేను పొద్దున ఆఫీస్‌కి పట్టుకెళ్తే ఇంటికొచ్చేదాకా చార్జర్ ముట్టను.”

“నా ఎక్స్‌రే సాఫ్ట్‌వేర్ మామూలు ప్రాసెసర్ కోసం రాసిందిరా. దీంట్లో నడుస్తుందా?”

“ఎమ్యులేషన్ ఉంటుందిగా. ఆ ప్రోగ్రామ్‌ని ఎప్పటికప్పుడు ఆర్మ్ భాషలోకి మార్చుకుని నడిపిస్తుంది. కాస్త స్లో అవుతుందేమో. నువ్వేమన్నా గేమ్స్ ఆడతావా ఏంటి?”

కొన్నాను. ఏదీ పరీక్షించకుండా వాడే అలవాటు నాకు లేదు కనుక ఆదివారమంతా దానితోనే కూర్చున్నాను. ఎక్స్‌రే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. పాత చిత్రాలు ఏ తేడా లేకుండా కనిపించాయి. గంటగంటకూ మిగిలిన చార్జింగ్ డైరీలో రాసుకున్నాను. చీకటి పడ్డాక కూడా సగానికి తగ్గలేదు. సెన్సర్ మాత్రం మరునాటి కోసం శుభ్రం చేసి, తొడుగు వేసి సంచిలో సర్ది ఉంది. అలా సర్దినదాన్ని రోగి ముందు తప్ప విప్పకూడదన్నది మా వృత్తిలో చేతికి పట్టిన అలవాటు. విప్పలేదు.

సోమవారం మొదటి రోగి రిటైరైన తెలుగు సర్జన్. దవడ వాచింది, రెండు రోజులుగా సరిగా తినడం లేదు. పక్కపక్కనే క్యాపులు తొడిగిన రెండు దంతాలు; ఏది నొప్పో ఆయన చెప్పలేకపోయారు. ఎక్స్‌రే లేకుండా పన్ను తీయడం కుదరదు. ఇక్కడ ఎక్స్‌రే దొరక్కపోతే అంబులెన్స్‌లో ఆసుపత్రికి పంపాలి. క్రితంసారి ఆ ప్రయాణం తరువాత ఆయన కొన్నాళ్లు కూతుర్ని కూడా గుర్తుపట్టలేదు.

“మళ్లీ ఆ బండి ఎక్కించకమ్మా,” అన్నారు, నేను సంచి విప్పకముందే.

సెన్సర్ తగిలించాను. పరికరం కనబడలేదని తెర మీద వచ్చింది. తీసి మళ్లీ పెట్టాను. అదే మాట. తమ్ముడికి ఫోన్ చేశాను.

“సెన్సర్‌ని ల్యాప్‌టాప్‌కి పరిచయం చేసే డ్రైవర్ ఉంటుందే, దానికి ఆర్మ్ వెర్షన్ ఉందా?” అన్నాడు.

“ఎమ్యులేషన్ ఉందన్నావుగా!”

“అది ప్రోగ్రామ్స్‌కి అక్కా. డ్రైవర్ ఆపరేటింగ్ సిస్టమ్ లోపల కూర్చుని నడుస్తుంది, దానికి ఎమ్యులేషన్ పనిచెయ్యదు. సెన్సర్ చేసినవాళ్లే ఆర్మ్‌కి వేరేగా రాసివ్వాలి. సారీ, నాకన్నీ బ్రౌజర్‌లోనే ఉంటాయి, తట్టలేదు.”

సెన్సర్ కంపెనీకి ఫోన్ చేస్తే అలాంటి డ్రైవర్ లేదన్నారు. ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు.

పెద్దాయన ఆ బండివాళ్లు వస్తారేమోనని మూసిన తలుపు వంక చూస్తూ, “నీ కొత్త మిషను చప్పుడు చెయ్యదేం?” అన్నారు.

“పని కూడా చెయ్యడం లేదండీ. ఇంటికెళ్లి పాతది తెస్తాను. ఎవరొచ్చి బండి ఎక్కమన్నా ఎక్కకండి.”

ఇంటికి డ్రైవ్ చేశాను. చార్జింగ్ నిలవదనే కదా దాన్ని అలమరలో పడేశాను అనుకుంటూ పాత ల్యాప్‌టాప్, దాని ఇటుకంత చార్జర్, ఎక్స్‌టెన్షన్ వైరు మళ్లీ భుజానికెత్తుకున్నాను. పరుపు పంపు ప్లగ్గు తీయలేము కనుక కారిడార్ నుంచి వైరు లాగి, ఎవరూ తట్టుకుని పడకుండా నేలకు టేపు అంటించాను. మోకాళ్ల మీద కూర్చుని సెన్సర్ ఆయన నోట్లో పెట్టాను. చిత్రం వచ్చింది. వెనుక దంతం వేరు దగ్గర చీము ఉంది. నేను అనుమానించింది ముందుదాన్ని. అది నిక్షేపంగా ఉంది. మధ్యాహ్నానికి వెనుక దంతం తీసేశాను. అంబులెన్స్ రాలేదు.

ఆ శనివారం కొత్త ల్యాప్‌టాప్ దుకాణంలో తిరిగిచ్చాను. బ్యాటరీ బాలేదా అని అడిగారు. బ్యాటరీ అంత మంచిది నేనింతవరకు చూడలేదని చెప్పాను. బదులుగా మామూలు ప్రాసెసర్ ఉన్న కొత్త మోడల్ తీసుకుని, పార్కింగ్ లాట్‌లో కారులోనే కూర్చున్నాను. ఫోన్ ఇంటర్నెట్‌తో డ్రైవర్ ఎక్కించి, సంచి తెరిచి, సెన్సర్ తొడుగు చింపి తగిలించాను. గుర్తించింది. అప్పుడు కారు స్టార్ట్ చేశాను.

దీని చార్జింగ్ మధ్యాహ్న భోజనం దాకా వస్తుంది. నేను కారులో పెరుగన్నం తింటుంటే అదీ పక్క సీట్లో చార్జ్ అవుతుంది. ఫ్యాన్ రొద పెడుతుంది. తరువాతి వారం కుట్లు చూడడానికి వెళ్తే ఆ చప్పుడుకు పెద్దాయన కళ్లు తెరిచారు.

“ఇది గురక పెడుతోందేమ్మా!”

“పెట్టనివ్వండి. నోరు తెరవండి.”

ఎక్స్‌టెన్షన్ వైరు ఇప్పటికీ కారు డిక్కీలోనే ఉంది.