అన్న అర్జీని రెండుసార్లు తిప్పి పంపిన రోజు

ఆఫీసులో నా వెనకాల నన్ను ఏమని పిలుచుకుంటారో నాకు తెలుసు. స్టేషన్ రైటర్ అంటారు, పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు కాయితాలు చూసే రైటర్ లాగా. నాకు కోపం రాదు. వస్తుంది గానీ, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీసేసరికి తగ్గిపోతుంది.

మా ఆఫీసు నిజామాబాద్‌లో ఒక మేడ మీద ఉంటుంది. కింద మెడికల్ షాపు. పైన ఏడుగురం, పసుపు ఉడకబెట్టే మిషన్లకు రైతులు వంతు బుక్ చేసుకునే యాప్ నడుపుతాం. తవ్విన పసుపును ఎక్కువ రోజులు కుప్పగా ఉంచితే పాడవుతుంది, తొందరగా ఉడకబెట్టి ఎండబెట్టాలి. మిషన్లేమో కొన్నే. అందుకే వంతు తప్పిపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగనంత గొడవ.

మాలో ఎవరు కోడ్ మార్చినా, దాన్ని నడుస్తున్న యాప్‌లో కలపమని ఒక పుల్ రిక్వెస్ట్ పెట్టాలి. అర్జీ అనుకోండి. ఆ అర్జీలో ఏం రాయాలో మాకొక టెంప్లేట్ ఉంది, ఐదు ఖానాలు: ఏం మారింది, ఎందుకు మారింది, ఎవరికి తేడా పడుతుంది, ఎలా పరీక్షించారు, తేడా కొడితే వెనక్కి ఎలా తీసుకోవాలి. అంతకుముందు అందరూ "చిన్న మార్పు" అని రెండు మాటలు రాసి వదిలేసేవాళ్ళు. నెల తర్వాత ఆ చిన్న మార్పేమిటో రాసినవాళ్ళకే గుర్తుండేది కాదు. ఇప్పుడు అర్జీ ముందు నా దగ్గరికి వస్తుంది. కోడ్ మంచిచెడ్డలు నేను చూడను, అది చూడడానికి వేరే అక్క ఉంది. ఏ ఖానా లేదో, ఏది ఊరికే పేరుకు నింపారో చూసి, అదే రాసి తిప్పి పంపడం నా పని.

ఆ రోజు శుక్రవారం. బోధన్ నుంచి వచ్చే బస్సు చెరుకు ట్రాక్టర్ల వెనక నత్తనడక నడిచి నన్ను అరగంట ఆలస్యంగా దింపింది. చిరాకుగానే కుర్చీలో కూర్చున్నాను. చూస్తే అన్న అర్జీ వచ్చి ఉంది.

అన్న అంటే మా అందరిలో పెద్దవాడు. నేను చేరిన కొత్తలో నెల రోజులు పక్కన కూర్చుని పని నేర్పింది ఆయనే. వేల్పూర్ దిక్కు వ్యవసాయం ఇల్లు. పోయినేడు వరుసలో వాళ్ళ బాపు కంటే ముందున్న రైతు వంతు వదులుకున్నాడు, బాపు వంతు ఒక రోజు ముందుకొచ్చింది, ఆ సంగతి మా యాప్ బాపుకు చెప్పలేదు. మిషన్ పొలానికి వచ్చేసరికి డ్రమ్ముల్లో నీళ్ళు లేవు, కూలీలు లేరు. మిషనాయన ఇంకో ఊరికి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి బాపు కొడుకుతో పొలం ముచ్చట ఒక్కటి కూడా మాట్లాడలేదు. ఏదైనా ఉంటే అవ్వ, అంటే అన్న వాళ్ళమ్మ, ఫోన్ చేసి చెప్పేది. అన్న పైకి నవ్వేవాడు గానీ, లోపల బాగా నొచ్చుకున్నాడు.

అందుకే ఈ మార్పు అన్నే పట్టుబట్టి రాశాడు. ఒకరు వంతు వదులుకుంటే తర్వాతి రైతు ముందుకు జరుగుతాడు, ఆయన ఫోనుకు మెసేజ్ వెళ్తుంది. సోమవారం నుంచి వేల్పూర్ వంతులు. సాయంత్రం ఐదులోపు కలిపితే సరే, లేకుంటే మళ్ళీ పై శుక్రవారమే అని మా సారు చెప్పేశారు. బాపు పేరు మంగళవారానికే ఉంది.

అర్జీలో మూడు ఖానాలు నిండి ఉన్నాయి. చివరి రెండూ అసలు లేవు. నిజం చెప్తున్నా, "అన్నీ ఉన్నాయి" అనే చోట నొక్కబోయాను. పని నేర్పినవాడికి నేనేం చెప్తాను? అయినా మిగతావాళ్ళను రోజూ తిప్పి పంపుతున్న చేయి ఇది. "రెండు ఖానాలు లేవు: ఎలా పరీక్షించారు, వెనక్కి ఎలా" అని రాసి పంపాను.

అన్న లేచి నా దగ్గరికి వచ్చాడు. "చెల్లె, గా టెంప్లేట్ రాసిందే నేను."

"రాసింది నువ్వే, యాది మరిసింది నువ్వే. నేనేం జేయాలె అన్నా?"

పావుగంటలో మళ్ళీ వచ్చింది. వెనక్కి తీసుకునే ఖానా బాగుంది: డేటాబేస్‌లో ఏదీ మార్చలేదు, పాత వెర్షన్ పెడితే చాలు. పరీక్ష ఖానాలో మాత్రం "చూసిన, మంచిగ నడుస్తున్నది" అని ఉంది. ఆ ఖానా కింద టెంప్లేట్‌లోనే ఒక వరుస ఉంటుంది, ఏ నంబర్లతో, ఏ వరుసలో చేశారు, ఏం కనబడింది అని. అవేవీ లేవు. రెండోసారి తిప్పి పంపాను.

ఈసారి అన్న నా దగ్గరికి రాలేదు. చాయ్ వచ్చినా తాగలేదు. నా మనసు చివుక్కుమంది. ఈ ఉద్యోగం ఎవరికి కావాలి, పోయి బోధన్‌లో జిరాక్స్ షాపు పెట్టుకుంటే పోలా అనిపించింది.

కాసేపటికి అన్న కీబోర్డు దబదబా కొడుతూ, నాకు వినపడేలా చదవడం మొదలుపెట్టాడు.

"ముగ్గురు రైతుల పేర్ల మీద బుక్ జేసిన. రాస్కున్నవా? రెండో ఆయనది క్యాన్సల్ జేసిన. మూడో ఆయన ముందట్కి జరిగిండు. మెసేజ్ వచ్చింది. సాలా?"

"ఏ నంబర్‌కు వచ్చింది?"

"నా నంబర్‌కే. ముగ్గురికి నా నంబరే పెట్టిన గదా..."

అన్న కీబోర్డు వదిలేసి నా వైపు తిరిగాడు. ముగ్గురిదీ ఒకే ఫోనైతే మెసేజ్ ఎవరికి వెళ్ళిందో ఎలా తెలుస్తుంది?

"నీ ఫోన్ ఇటియ్యి చెల్లె," అన్నాడు మెల్లగా.

ఆయనది, నాది, కోడ్ చదివే అక్కది, మూడు ఫోన్లూ బల్ల మీద పెట్టాం. రెండో రైతు నంబరుగా నాది, మూడో రైతుకు అక్కది. నా పేరు మీది వంతు క్యాన్సల్ చేశాడు. మోగింది నా ఫోనే. "మీ వంతు ముందుకు వచ్చింది" అని, వంతు వదులుకున్న నాకు. ముందుకొచ్చిన అక్క ఫోను చప్పుడు లేకుండా పడి ఉంది.

అన్న రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. "మల్ల మా బాపుకే దెబ్బ తగులుతుండె," అన్నాడు.

తప్పు చిన్నదే. తర్వాతి రైతు నంబరు తీసుకోవాల్సిన చోట, క్యాన్సల్ అయిన బుకింగ్ నంబరు తీసుకుంటోంది. అక్క చదివేటప్పుడు పట్టుకునేదేమో, పట్టుకోకపోయేదేమో. సరిచేయడానికి అరగంట పట్టింది. పరీక్ష ఖానాలో మూడు నంబర్లతో ఏమేం చేశాడో వరుసగా రాసి, మూడు ఫోన్ల తెరల ఫోటోలు పెట్టాడు. ఐదు ఖానాలూ ఉన్నాయని నేను నొక్కాను, కోడ్ చదివి అక్క సరేనంది, నాలుగున్నరకు కలిసిపోయింది. మిగిలిన చల్లటి చాయ్ అన్న ఒక్క గుక్కలో తాగేశాడు.

సోమవారం మధ్యాహ్నం అన్న ఫోన్ మోగింది. తెర మీద అవ్వ పేరు. ఎత్తితే నా కుర్చీ దాకా వినపడేంత గట్టిగా బాపు గొంతు, వెనక మిషన్ చప్పుడు. ముందున్నాయన పొద్దున్నే వంతు వదులుకున్నాడట. అన్న నోరు తెరిచేలోపే, గా రైటర్ పిల్లకియ్యి అన్నాడు పెద్దాయన. ఫోన్ నా చేతికొచ్చింది.

"బిడ్డా, మావోడు వాళ్ళవ్వకు జెప్పిండు. వాని కాయితం రెండుసార్లు ఎనకకు పంపినవట?"

"అవు బాపూ. గది నా పని..."

"మంచిగ జేసినవ్. మెసేజ్ సూడంగనే డ్రమ్ములు నింపిన, కూలోళ్ళను పిల్సిన. మిషన్ వచ్చేసరికి అన్ని తయార్." తర్వాత గొంతు కొంచెం తగ్గించి అన్నాడు, "ఇగ ఫోన్ వానికియ్యి బిడ్డా. కుప్ప ఎట్ల ఉడికిందో వానికి నేనే జెప్త."

ఫోన్ ఇచ్చేశాను. అన్న దాన్ని చెవికి ఆనించుకుని బాల్కనీలోకి వెళ్ళాడు. అరగంట దాటినా లోపలికి రాలేదు, ఆయన కోసం ఆగిన పనులకు ఆ రోజు ఎవరూ తొందరపెట్టలేదు.