ఖాళీ బండి తూకం

ఆడిటింగ్ పేపర్లో నేను ఫెయిలయినప్పుడు మా సార్ ఒక్కో ప్రశ్నకూ ఏం రాశానో నాచేతే చెప్పించుకున్నారు. విని విని, కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, "నువ్వు ఆడిటర్ కావాలనుకుంటున్నవా, పోలీసు కావాలనుకుంటున్నవా?" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. ప్రశ్నలో స్పష్టంగా ఉంది: గోదాములో స్టోర్ కీపర్ ఒక్కడే సరుకు దించుకుంటాడు, వాడే ఇస్తాడు, వాడే పుస్తకంలో రాస్తాడు, ఏడాది చివర వాడే లెక్కపెడతాడు. అలాంటివాడు దొంగ కాకపోతే ఇంకెవడు దొంగ? 'స్టోర్ కీపర్ సరుకు కాజేస్తున్నాడు' అని రాసి కింద గీత కూడా గీసి వచ్చాను. దానికి మార్కులు వేయలేదంటే ఆ పేపర్ దిద్దినవాడిదే లోపమని నా వాదన.

ఇంట్లో అవ్వ మాత్రం (అమ్మను మేము అవ్వ అనే అంటాం) వాదనలేవీ వినలేదు. బీడీలు చుడుతున్న చెయ్యి ఆపకుండానే చెప్పింది: "ఇంకొక్కపారి రాయి. గీపారి గూడ పోతే, బీడీల సాట పట్టుకొని నా పక్కన కూసో. నాకు గూడ నడుము వడ్తలేదు బిడ్డా." అవ్వ కోపంగా అని ఉంటే ఎదురు మాట్లాడేదాన్నే. మెల్లగా అంది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

అప్పట్లో నేను నిజామాబాద్‌లో గంజ్ దగ్గర, ఎరువుల దుకాణం పైనున్న ఆఫీసులో, మా సార్ దగ్గర సి.ఏ. శిక్షణ, ఆర్టికల్స్ చేస్తున్నాను. అంతా మగపిల్లలు. ఆడవాళ్లం ఇద్దరమే, నేనూ, అక్కా అన్నట్టు నేను 'ఆపా' అని పిలిచే అమ్మాయీ. ఆమెది బోధన్, అక్కడ బస్టాండు దగ్గర వాళ్ల అన్నకు గాజుల దుకాణం. రోజూ బస్సులో వచ్చేది. రాగానే బురఖా తీసి తలుపు వెనక మేకుకు తగిలించి, కిటికీ పక్క కుర్చీలో కూర్చునేది. నాకన్నా మూడేళ్లు పెద్ద. నాకు లేనిదంతా ఆమెకు ఉండేది, ముఖ్యంగా ఓపిక. ఇంట్లో అందరూ వద్దంటున్నా ఒక్క వాళ్ల నాన్న మాటమీద చదువుకుంటోంది. ఆ అబ్బాకు గుండె జబ్బు. వచ్చే నవంబరులో ఇద్దరం కలిసి పరీక్ష రాయాలని అనుకున్నాం.

నా జవాబుల కథ విని సార్‌లాగా ఆమె వెక్కిరించలేదు. ఒక తెల్లకాగితాన్ని నిలువుగా మడిచింది. "పిల్లా, ఇటు దిక్కు 'ఐతదేమో'. అటు దిక్కు 'ఐందా'. రెండిట్ని కలిపి ఖిచిడీ చేస్తున్నవ్ నువ్వు," అంది.

"దొంగతనం దొంగతనమే గద ఆపా."

"అరె, జర విను. ఇంటి తలుపుకు గొళ్లెం లేదు. అది వీక్‌నెస్. ఎవడన్న సొరవడొచ్చు, సొరవడ్డా మనకు తెల్వకపోవచ్చు. అంతే. సామాను పోయిందా లేదా అన్నది లోపటికి పోయి ఒక్కొక్కటి లెక్కపెడితే తెలుస్తది. అది సబ్‌స్టాంటివ్ టెస్ట్. గొళ్లెం లేని ఇండ్లన్ని దోపిడైనయంటే ఎట్ల?"

"మరి గొళ్లెం గట్టిగ ఉంటె లెక్కపెట్టుడు వద్దా?"

"తక్కువ లెక్కపెడ్తవ్. మొత్తానికి బంద్ చెయ్యవు. గొళ్లెం లేకుంటె ఎక్కువ లెక్కపెడ్తవ్. బస్, గంతే సబ్జెక్టు."

పరీక్షలో ఇంగ్లీషులో రాయాల్సిందంతా మేము అలా మా భాషలోనే కొట్లాడి నేర్చుకున్నాం. ఆమె రోజుకో కథ కల్పించేది. చీరల దుకాణం, పెట్రోల్ బంకు, హాస్టల్ మెస్సు. నేను ఎడమ పక్కన రాయాల్సింది కుడి పక్కన రాస్తే పెన్సిలుతో నా వేళ్లమీద కొట్టేది. అర్థమయిందనే అనుకున్నాను. అర్థం కాలేదని ఆ చలికాలం పోకముందే తేలింది.

చెరకు నడుస్తున్న రోజుల్లో బోధన్ వైపు ఒక చిన్న చక్కెర మిల్లు ఆడిట్‌కు సార్ మా ఇద్దరినీ పంపారు. మిల్లు ముందు బండ్లు కిలోమీటరు పొడుగునా నిలబడి ఉన్నాయి. ఎడ్ల మెడ గంటలు, మరాఠీలో తిట్లు, తెలుగులో తిట్లు, గాలి నిండా పచ్చి చెరకు వాసన. కాటా దగ్గర నేను గమనించిన సంగతి ఇది: చెరకుతో నిండిన బండిని తూస్తున్నారు. దించి వచ్చిన ఖాళీ బండిని మళ్లీ తూయాలి. కాటా గుమాస్తా తూయడం లేదు. ఆ బండికి ఎప్పుడో రాసిపెట్టుకున్న ఖాళీ బరువునే తీసివేసి రైతుకు చిట్టీ ఇచ్చేస్తున్నాడు. పైగా, పైసల పట్టీ రాసేదీ ఆయనే.

ఇంక ఆగుతానా? అంత జనంలో గొంతు చించుకున్నాను. "రైతుల నోరు కొడుతున్నరు! పాత బరువు పెట్టి మోసం చేస్తున్నరు!"

బండ్లవాళ్లు గుంపుకట్టారు. ఆ గుమాస్తా పెద్దమనిషి. ముఖం నల్లబడిపోయింది. "ఏం బిడ్డా, నేను దొంగనా? గీ లైను సూసినవా? ఒక్కో బండిని రెండుపార్లు తూస్తె తెల్లారదాక గీడనే ఉంటరు వీళ్లంత," అన్నాడు.

ఆపా నా మోచెయ్యి గట్టిగా గిల్లి పక్కకు లాగింది. తర్వాత ఆయన దగ్గరికి వెళ్లి, "చాచా, కొన్ని బండ్లు ఖాళీగ తూసి చూపిస్తరా?" అని మాత్రం అడిగింది. ఏ బండ్లన్నది ఆయన్ని ఎంచనివ్వలేదు. ఆమే అక్కడొకటి, ఇక్కడొకటి ఎంచింది. పట్టీలోంచి కొన్ని చిట్టీలు తీయించి, వాటి నిండు బరువు కాటా రిజిస్టరులో ఎంత ఉందో నాచేత సరిచూయించింది, కూడికలు మళ్లీ చేయించింది.

తేలిందేమిటంటే, చిట్టీలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఖాళీ బండ్లు మాత్రం రాసిపెట్టుకున్న దానికన్నా కొంచెం కొంచెం ఎక్కువ తూగాయి. ముందురోజు వాన పడింది, చక్రాలకు నల్లరేగడి పట్టుకుంది. అంటే ఆ బురదకు కూడా చెరకు ధర కట్టి ఇస్తున్నది మిల్లే! నేను ఎవరి తరఫున అరిచానో ఆ రైతులకే నాలుగు కిలోలు ఎక్కువ పోతున్నాయి. ఒక బండాయన మీసం చాటున నవ్వుతూ, "చెల్లే, నువ్వు జర సప్పుడు చెయ్యకుండుంటె మంచిగుండు," అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. గుమాస్తా కూడా నవ్వాడు. నాకు మాత్రం భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

సాయంత్రం బోధన్ బస్టాండులో ఆపా నాకు చెరకుముక్క కొరికి ఇస్తూ అంది: "ఖాళీ బండి తూస్తలేరు. అది ముమ్మాటికి వీక్‌నెస్సే, సార్‌కు రాసిద్దాం. రోజూ తూయాలె, చిట్టీ ఒకరు రాయాలె, పట్టీ ఇంకొకరు రాయాలె. కానీ నష్టం ఎవరికి, ఎంత? నువ్వు తూసినంకనే గద తెలిసింది. తూయకుండ మనిషిని దొంగ అనకు పిల్లా."

నా బస్సు కదిలేదాకా ఆమె అక్కడే నిలబడింది. తన ఇల్లు పది అడుగుల దూరంలో ఉన్నట్టు, ఏ తొందరా లేనట్టు. ఇప్పటికీ బోధన్ బస్టాండు అంటే నాకు ఆ నిలబడడమే గుర్తొస్తుంది. ఎంత మిస్సవుతానో చెప్పలేను.

పరీక్షకు నెల ముందు, అక్టోబరులో, వాళ్ల అబ్బాకు గుండెపోటు వచ్చింది. బతికి బయటపడ్డాడు గానీ, కళ్లముందు కూతురి నికా చూడాలన్నాడు. నాందేడ్ సంబంధం. తారీఖు సరిగ్గా పరీక్షల వారంలో పడింది. చదువుకు అడ్డు నిలిచిన మనిషయితే పోట్లాడేది. చదివించిన మనిషే అడిగేసరికి ఏమీ అనలేకపోయింది. హాల్ టికెట్ వచ్చి ఉంది. దాన్ని పుస్తకంలో పెట్టి ఆ పుస్తకం నాకు ఇచ్చేసింది. మేకుకున్న బురఖా తీసుకుని, "మడత మర్చిపోకు," అని మెట్లు దిగిపోయింది. నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. అందుకు కూడా నాకు కోపం వచ్చింది.

పరీక్ష హైదరాబాదులో. ప్రశ్న చూశాను. అంతర్గత నియంత్రణ లోపానికీ సబ్‌స్టాంటివ్ పరీక్షకూ తేడా చెప్పి, కింది సందర్భానికి అన్వయించమన్నారు. ఒక ఫ్యాక్టరీలో కూలీల హాజరుపట్టీ రాసే గుమాస్తాయే జీతాలు కూడా పంచుతాడు, తీసుకోని జీతాలు తన దగ్గరే పెట్టుకుంటాడు. నా చెయ్యి అలవాటుగా 'ఇతడు లేని మనుషుల పేర్లు రాసి' అని మొదలుపెట్టింది. వేళ్లమీద పెన్సిలు దెబ్బ పడినట్టయింది. కొట్టేశాను. 'రాసే అవకాశం ఉంది' అని మార్చాను. అది ఎడమ పక్క. పట్టీ రాసేవాడూ పంచేవాడూ వేరుగా ఉండాలనీ, మిగిలిన జీతాలు వెంటనే క్యాషియర్‌కు చేరాలనీ రాశాను. తర్వాత కుడి పక్క: పట్టీలోని పేర్లు కొన్ని ఎంచి నియామకం కాగితాలతో సరిచూడాలి, కూడికలు మళ్లీ చేయాలి, చెప్పకుండా వెళ్లి ఒక జీతాల రోజు పక్కన నిలబడి చూడాలి, తీసుకోని జీతాలు లెక్కపెట్టాలి. లోపం ఉంది కాబట్టి ఎక్కువమందిని ఎంచాలి. మోసం జరిగిందా? చూసేదాకా తెలియదు. అలాగే రాశాను.

పాసయ్యాను. అవ్వ బీడీలు చుడుతున్న చెయ్యి ఆపింది.

నాందేడ్‌కు ఉత్తరం రాశాను. జవాబు లేదు. మళ్లీ రాశాను. లేదు. సరే, అత్తగారిల్లు దొరికింది, మనమెందుకు గుర్తుంటాం అనుకున్నాను. మూతి ముడుచుకుని కూర్చున్నాను. ఏళ్లు గడిచాయి. ఫైనల్లో ఒకటి రెండుసార్లు పల్టీ కొట్టి, చివరికి అదీ గట్టెక్కాను. బోధన్‌లో ఆడిట్ ఉంటే ఇంకెవరినైనా పంపించేదాన్ని.

ఒకసారి తప్పక వెళ్లాల్సి వచ్చింది. బస్టాండులో దిగగానే కాళ్లు వాటంతట అవే ఆపా వాళ్ల అన్న గాజుల దుకాణం వైపు నడిచాయి. అడిగేద్దాం, కడిగేద్దాం అనే వెళ్లాను. నా పేరు చెప్పగానే భాయి గల్లా దగ్గర నుంచి లేచి నిలబడ్డాడు.

"నువ్వేనా చెల్లే? నీ మూలంగ నేను నిజామాబాద్ ఎన్నిసార్లు తిరిగిన్నో!"

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. పెళ్లయిన కొన్నాళ్లకే వాళ్లు నాందేడ్ ఇల్లు ఖాళీ చేశారట. తర్వాత సౌదీలో జిద్దాకు వెళ్లారు. నా ఉత్తరాలు ఆమె కంట్లో పడనే లేదు. నేను ఉత్తరమే రాయలేదని, తనను మరిచిపోయానని ఆమె అనుకుందట. కానీ ఊరుకోలేదు. పరీక్షా ఫలితాలు వచ్చిన ప్రతిసారీ ఈయనకు ఫోన్. "పోయి అడుగు, ఆ పిల్ల పాసైందా?" ఈయన వచ్చి మా ఆఫీసు కింద ఎరువుల దుకాణంలో అడిగి వెళ్లేవాడు. ఫెయిలయిన ఏడు కూడా వచ్చాడట.

"మరి పైకి రాలేదేం భాయి?"

"ఆడపిల్లలు పనిచేసే తాన నేనెట్ల వస్త? అడగమన్నది, అడిగిన." ఆయన గాజులు సర్దుతూ అన్నాడు. "శుక్రవారం శుక్రవారం ఫోన్ జేస్తది. రా."

ఆ శుక్రవారం పొద్దున్నే వెళ్లి దుకాణంలో స్టూలుమీద కూర్చున్నాను. ఎప్పుడో నమాజు అయ్యాక ఫోన్ మోగింది. భాయి నా ఉత్తరాల సంగతి నాలుగు మాటల్లో చెప్పి రిసీవర్ నా చేతికిచ్చాడు.

"ఆపా," అన్నాను.

"జవాబు రాలేదని దొంగను చేసినవా నన్ను?" అంది. అదే గొంతు.

నవ్వాను, ఏడ్చాను, రెండూ. చాలాసేపటికి, అడగాలో వద్దో తెలియక, అడిగేశాను. "నీ పుస్తకం నా తాననే ఉంది. హాల్ టికెట్ గూడ. మళ్ల రాయవా ఆపా?"



"ఆ నవంబర్ల నా అటెంప్టు గూడ నువ్వే రాసినవ్ గద పిల్లా," అంది.