పెళ్లిచూపుల్లో రెండు నవలలు

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, నంద్యాలలో బీఏ చదివే మా అందరికీ వారపత్రికల సీరియళ్ల పిచ్చి ఉండేది. (అమ్మ తిట్టేది, నేను ఆళ్లగడ్డలో నంద్యాల బస్సెక్కగానే తానూ చదివేది.) ఆ నవలల్లో నాయికలకు ఎమ్మే, ఉద్యోగం, నోటి దురుసు మూడూ ఉండేవి. నాకు మూడోది మాత్రమే ఉండేది.

బీఏ ఆఖరి యేట ఒక సంబంధం వచ్చింది. పెళ్లికొడుకు నంద్యాలలో తెలుగు లెక్చరరు. మా ఇంటి వరండాలో కూర్చుని, ఎంతో ఉదారంగా, "పెండ్లయినాక నేనే చదువు చెప్పిస్తా" అన్నాడు.

"ఇన్నాళ్లూ ఎవరు చెప్పించినారనుకుంటాండారు?" అన్నాను. లోపల అమ్మ చేతిలో గ్లాసు జారింది.

పాపం, ఆయన అప్పుడే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చిన ఒక నవల చదివి ఉన్నాడు. అందులో భర్త, తల్లి తిట్లు పడుతూనే, పసి భార్యకు అక్షరాలు నేర్పుతాడు. ఆ పుస్తకం నాకిచ్చి, నేను బైండు చేయించుకున్న సీరియలు నవల తీసుకుపోయాడు. "సంబంధం చూడనీకి వచ్చినాడా, పుస్తకాలు మార్చుకోనీకి వచ్చినాడా?" అన్నాడు నాయన.

ఆ పాత నవల చదివి ఏడ్చాను. ఆడపిల్ల పలక పట్టుకుంటే మొగుడు పోతాడని నమ్మే కాలంలో అలా రాయడం తక్కువ ధైర్యమా? అయినా ఆ పిల్ల నేర్చిందంతా భర్త జాబులు చదవడానికీ, పిల్లలకు నీతులు చెప్పడానికీ. పోనీ మాట్లాడుతుందా అంటే, వంటింట్లో కూడా గ్రాంథికమే!

ఆయన మళ్లీ రాగానే అందుకున్నాను. "మీ నాయికకు ఎనిమిదేండ్లకే పెండ్లి చేసినారు. ఆమెనెవరన్నా అడిగినారా?"

"అడగలేదు. అది తప్పనే గదా ఆయప్ప నవల రాసింది. మీ నాయికకు ఎమ్మే ఫస్టు క్లాసు. మొదట్లో ఆ మాట చెప్పినారు, సరే. ఆమె ఒక్క పుస్తకమన్నా పట్టుకునిందా? ధనవంతుడు కారు దిగంగానే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చె."

"మొగుణ్ని తనే ఎంచుకునింది!"

"ఎంచుకునింది, కాదనను. చదువునేం చేసింది?"

ఆయన తిరిగి తెచ్చిన నా నవల పేజీలు తిరగేశాను. ఎంత వెతికినా ఆమె చదువుతూ కనబడలేదు. పాత నవలలో పెళ్లితో చదువు మొదలైతే, కొత్తదాంట్లో పెళ్లితో ఆగిపోయింది. తన కోసం తాను చదువుకున్న మనిషి రెండింట్లోనూ లేదు. ఓడిపోయిన ఉక్రోషంతో, "అట్లయితే నేను ఎమ్మే చేసినాకే పెండ్లి. ఉద్యోగం గూడా మానను" అనేశాను. అప్పటిదాకా ఎమ్మే ఆలోచనే లేదు నాకు.

ఆయన అడిగాడు, "ఫెయిలయితే?"

"మళ్లా రాస్తా."

"ఏందప్పా, కుదిరినట్టా లేనట్టా?" లోపల్నుంచి నాయన.

"కుదిరింది మామా. పెండ్లే ఇంకో రెండేండ్లు పడతాది" అన్నాడాయన.

ఎమ్మే తిరుపతిలో చేశాను, ఒక పేపరు నిజంగానే మళ్లీ రాసి. పెళ్లి అంతదాకా ఆగింది. తర్వాత చాలా ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు ఏ మాటైనా పదిసార్లు ఆలోచించి గానీ అనను. ఇరవై ఏళ్ల ఆ పిల్ల ఎదురైతే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, "కొంచెం నిదానంగా మాట్లాడు మే" అనాలనిపిస్తుంది. వినదు. వినకపోవడమే నాకు మేలు చేసింది.