క్షమించమనకూడని రెండు నెలలు

మా మామయ్య ఆడిటరు. ఎదుటివాళ్లు తుమ్మినా తానే "క్షమించండి" అనే రకం. గుమ్మం తగిలితే గుమ్మానికి కూడా చెబుతాడు. అలాంటి మనిషికి ఒక బ్యాంకు లాయరు నోటీసు పంపింది. ఆయన సంతకం పెట్టిన ఆడిట్ రిపోర్టు నమ్మి ఒక మిల్లుకి అప్పిచ్చామనీ, తీరా చూస్తే అందులో సరుకుందన్న గోదాము ఖాళీ అనీ, ఆయన నిర్లక్ష్యం వల్లే మునిగామనీ దాని సారాంశం.

ఆయన ఆఫీసులో నేనూ భాగస్వామిని కాబట్టి, పనిలో పొరపాటు జరిగితే నష్టం కట్టే మా వృత్తి బీమా కంపెనీకి ఆ రోజే కబురు పెట్టాను. తమ అనుమతి లేకుండా తప్పు ఒప్పుకుంటే బీమా వర్తించకపోవచ్చని వాళ్లు రాశారు.

"అంటే క్షమించమనకూడదా?" మామయ్య ముఖం వాడిపోయింది.

"అన్నావంటే ఇల్లు అమ్ముకోవాలి మామయ్యా."

బ్యాంకు లాయరును కలిసిన రోజు, గదిలోకి వెళుతూనే మామయ్య ఆయన కాలు తొక్కాడు. నోరు తెరిచాడు. నేను గిల్లాను. మూశాడు.

"ఈ రిపోర్టు చూసి మేం అప్పిస్తామని సంతకం పెట్టేటప్పుడు మీకు తెలుసా?" అన్నాడు ఆయన.

"తెలియదండీ. అది మిల్లు వాటాదార్ల కోసం రాసింది. మీ అప్పు సంగతి నాకెవరూ చెప్పలేదు."

బీమా కంపెనీ మా తరఫున పెట్టిన లాయరు నవ్వు దాచుకోవడానికి కాగితాల్లో తల దూర్చాడు. తనకు తెలియని మూడో మనిషికి ఆడిటరు బాధ్యుడు కాడన్నదే మా వాదన మరి.

రెండు నెలలకి బ్యాంకు వెనక్కి తగ్గింది, బీమా వాళ్లు ఫైలు మూశారు. నేను కుర్చీలో గిరగిరా తిరిగాను. మామయ్య మాత్రం "ఇక అనొచ్చా?" అని అడిగి ఫోనందుకున్నాడు.

"లాయరు గారూ, క్షమించండి. ఆ రోజు మీ కాలు తొక్కాను."