సొంత ఇంట్లో శని

లెక్క మొదలుపెట్టే ముందు గంగాధరం గురిగింజలను ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి ఒంపుకుంటాడు. మళ్లీ వెనక్కి ఒంపుతాడు. అది అయ్యేదాకా ఎదురుగా కూర్చున్నవాళ్లు నోరు విప్పరు. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వెనక సందులో ఆయన ఇల్లు. తండ్రి ఆ గింజలతో బంగారం తూచేవాడు. కొడుకు వాటితో పాపగ్రహాలను తూస్తాడు.

ఆ వైపు పెళ్లి మాట వస్తే జనం అడిగేది కుజుడొక్కణ్ణే. గంగాధరం నేర్చుకున్నది పాపసామ్యం. అందులో కుజుడితో పాటు శని, రవి, రాహువు కూడా లెక్కలోకి వస్తారు. ఈ నలుగురిలో ఎవరైనా ఒకటి, రెండు, నాలుగు, ఏడు, ఎనిమిది, పన్నెండు స్థానాల్లో ఉంటే కాపురానికి చెరుపు; ఒకటంటే అదే ఇల్లు, ఏడంటే సరిగ్గా ఎదురిల్లు. లగ్నం నుంచి అలా ఉంటే పూర్తి బరువు, ఎనిమిది గింజలు. చంద్రుడి నుంచి అయితే సగం, శుక్రుడి నుంచి అయితే పావు. గ్రహం సొంత ఇంట్లోనో ఉచ్చస్థానంలోనో ఉంటే దాని చెరుపు సగానికి తగ్గుతుంది, పెట్టిన గింజల్లో సగం తీసేయాలి. చివరికి రెండు కుప్పలూ సరితూగాలి. అబ్బాయి కుప్ప కొంచెం ఎక్కువున్నా సరే, అమ్మాయిది ఎక్కువ కాకూడదు.

ఈ లెక్కతో ఆయన ఎన్నో పెళ్లిళ్లు కలిపాడు, కొన్ని వద్దన్నాడు. సొంత బిడ్డ దగ్గరికి వచ్చేసరికి లెక్క దాకా ఎవరూ రాలేదు. అమూల్య జమ్మలమడుగులో టీచరు. ఆమె జాతకంలో ఏడో ఇంట కుజుడు. ఆ మాట వినగానే మూడు సంబంధాలు వాకిట్లోంచే వెనక్కి పోయినాయి.

నాలుగోది పులివెందుల నుంచి వచ్చింది. అబ్బాయి కృష్ణచైతన్య తుమ్మలపల్లె గనిలో పని చేస్తాడు. చుట్టాల పెళ్లిలో అమూల్యను చూశాడు, మాట్లాడాడు. ఆమె కూడా ఈసారి తండ్రితో, "నాయనా, ఇది తప్పిపోతే నాకు ఇంకోటి చూడొద్దు" అంది. అబ్బాయి తల్లి సుగుణమ్మ కొడుకును వెంటబెట్టుకుని వచ్చి చాప మీద కూర్చుంది.

"మీ పాపకు ఏడింట కుజుడంట గదప్పా. మావానికి ఏ దోసమూ లేదు. దోసం లేనోనికి దోసమున్న పిల్లను ఎట్ల కట్టేది?"

"ఉండక్కా. కుజుడొక్కడే దొంగయితే తక్కిన ముగ్గురూ ఊరికే తిరుగుతాండారా? అందర్నీ పిలుద్దాం."

ముందు అమూల్య జాతకం పరిచాడు. మీన లగ్నం. లగ్నంలోనే శని. ఏడింట కుజుడు, పక్కన రాహువు. మూడెనిమిదులు ఇరవై నాలుగు. చంద్రుడికి ఎదురుగా రవి, నాలుగు. శుక్రుడి నుంచి రెండింట రవి, నాలుగింట శని, ఇద్దరికీ కలిపి నాలుగు. కుప్ప ముప్పై రెండు దగ్గర ఆగింది.

"చూసినావా, ఎంత కుప్పో!" అంది సుగుణమ్మ.

గంగాధరం ఆ కుప్పను పక్కకు జరిపాడు. కృష్ణచైతన్య జాతకం తీశాడు. సింహ లగ్నం. నాలుగింట రాహువు, ఎనిమిది. ఎనిమిదింట రవి, ఎనిమిది. ఏడింట, కుంభంలో, శని. ఇంకో ఎనిమిది గింజలు పెడుతుంటే సుగుణమ్మ ముందుకు వంగింది.

"ఏందప్పా, నా కొడుక్కు గూడా పోస్తాండావు? పిల్లనిచ్చే ఇంటికొచ్చినామా, పంచాయితీకొచ్చినామా?"

"పాపం ఎవరికి లేదక్కా. నువ్వు గూడా జాతకం తెస్తే నీకూ పోస్తా."

కృష్ణచైతన్య నవ్వు ఆపుకోలేకపోయాడు. "పోయనీమ్మా. రోజూ భూమి కిందికి దిగేటోన్ని, నాకు ఆమాత్రం బరువు ఉండదా?"

ఆ నవ్వుల్లోనే గంగాధరం ముందుకు పోయినాడు. చంద్రుడికి ఎదురుగా రవి, నాలుగు. శుక్రుడితో రవి, పన్నెండింట శని, నాలుగింట కుజుడు, ఆరు. మొత్తం ముప్పై నాలుగు.

"ముప్పై నాలుగుకు ముప్పై రెండు. అబ్బాయిది రెండు ఎక్కువ. ఇంతకంటే మంచి సామ్యం దొరకదక్కా."

సుగుణమ్మ రెండు కుప్పలనూ చానాసేపు చూసింది. కొడుకును దోషం లేనివాడని ఇన్నాళ్లూ ఊరంతా చెప్పుకుంది. లేచి కొంగు దులుపుకుని వాకిలి దాకా పోయి, ఆగింది.

"ఒక్క మాటడుగుతా. నీ బిడ్డ గాబట్టి చెప్తాండావా, శాస్త్రమే చెప్తాందా?"

"శాస్త్రమే అక్కా."

ఆమె వెనక్కి వచ్చి, తెచ్చిన టెంకాయ, ఆకువక్క ఆయన చేతిలో పెట్టింది. తలుపు పక్కనున్న అమూల్య లోపలికి పోయింది.

సాయంత్రం పెద్దముడియం నుంచి ఒక రైతు తన కొడుకు జాతకం పట్టుకుని వచ్చాడు. ఆ అబ్బాయి కూడా కృష్ణచైతన్య పుట్టిన ఏడే పుట్టినవాడు. నాలుగింట శని, కుంభంలో. గంగాధరం ఎనిమిది గింజలు పెట్టాడు. చెయ్యి తనంతట తానే వాటిలో నాలుగు వెనక్కి తీసింది. కుంభం శనికి సొంత ఇల్లు.

చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది.

పొద్దున కూడా శని కుంభంలోనే ఉన్నాడు. పొద్దున ఆ చెయ్యి వెనక్కి రాలేదు. లగ్నం నుంచి నాలుగు, శుక్రుడి నుంచి ఒకటి, మొత్తం ఐదు తగ్గాలి. అబ్బాయిది ఇరవై తొమ్మిది. తన బిడ్డది ముప్పై రెండు. ఇలాంటి లెక్క ఇంకొకరిదయితే ఆయన గింజలు మూటగట్టి, "వద్దులేప్పా" అనేవాడు. అనేవాడు కాదు, ఇంతకుముందు అన్నాడు కూడా.

రైతు పని ముగించి పంపించి, బిడ్డను పిలిచాడు. జరిగింది చెప్పాడు. అమూల్య చాప అంచు పట్టుకుని కూర్చుంది.

"నువ్వు కావాలని చేసినావా నాయనా?"

"లేదు. కానీ ఇంకొకరి బిడ్డయితే మర్చిపోయేవాన్ని కాదు."

"ఇప్పుడు ఎవరికి తెలుసు ఇది?"

"నాకు. ఇప్పుడు నీకు."

ఆమె తల వంచుకునే అంది. "ఊరుకోమని చెప్పాలని శానా ఉంది నాకు."

"చెప్పు. ఊరుకుంటా."

ఆయన నిజంగానే అన్నాడు. ఆ మాట బయటికి వచ్చాక ఆయనకే భయం వేసింది. ఊరికంతా అడ్డం నిలిచిన లెక్క, బిడ్డ ఒక్క మాటతో పక్కకు తప్పుకునేటట్టుంది. అమూల్య కళ్లు తుడుచుకుంది.

"ఆమె వాకిట్లో నిలబడి అడిగింది గదా, శాస్త్రమేనా అని. నేనిన్నా. ఆ ఇంట్లో రేపు పొయ్యి ఆరిపోయినా, పిల్లోనికి జరమొచ్చినా, నాకు ఆ మాటే వినబడతాది. పోయి చెప్పు."

"చెప్తే పోతాది, అమ్మా."

"పోతే పోనీ. ఉంటే తెలిసే ఉండనీ."

మరునాడు పొద్దున గంగాధరం మొదటి బస్సుకు పులివెందుల పోయినాడు. సుగుణమ్మ వాకిలి కడుగుతోంది. ఆయన్ని చూసి చీపురు పక్కన పెట్టి, "రాప్పా, కూర్చో, కాఫీ పెడతా" అంది. ఆయన కూర్చోలేదు. సంచిలోంచి ఆమె నిన్న ఇచ్చిన టెంకాయ తీసి గడప పక్కన పెట్టాడు.

"అక్కా, నిన్న నేను తప్పు చేసినా. మీవాని శని సొంత ఇంట్లో ఉండాడు, సగం తీసేయాల్సింది, తియ్యలే. మీవానిది ఇరవై తొమ్మిదే. నా బిడ్డది మూడు ఎక్కువ. నా లెక్క ప్రకారం ఇది కుదరదు. ఇద్దరికీ ఇష్టముంది, అది నా లెక్కలో లేదు. ఇంక మీ ఇష్టం."

చెప్పి, తడి వాకిట్లో చెప్పులు విడిచి, ఆమె జవాబు కోసం నిలబడ్డాడు.