బల్ల మీది అసలు బ్యాగు

నా కోపం సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. దేశం దాటి వచ్చి, వాన్ అనే ఊళ్లో నేను పనికి చేరిన గోడౌన్‌లో కూడా వారం తిరక్కుండానే తెలిసిపోయింది. వాడిన ఖరీదైన హ్యాండ్‌బ్యాగులు అమ్మిపెట్టే కంపెనీ అది. చెన్నైలో తోలు ఫ్యాక్టరీలో పదిహేనేళ్లు పనిచేసిన వాణ్ణి కాబట్టి, బ్యాగు అసలుదో నకిలీదో చేత్తో పట్టి తేల్చే ఉద్యోగం నాకిచ్చారు. అన్ని బ్యాగులూ నా బల్ల దాకా రావు. కొన్నింటికి అమ్మేవాళ్లు పంపిన పన్నెండు ఫొటోలు చూసి సరే అంటే చాలు, బ్యాగు నేరుగా కొన్నవాళ్ల ఇంటికి వెళ్లిపోతుంది.

ఫొటోలు చూసేది వరంగల్ నుంచి వచ్చిన ఒక స్టూడెంట్. ఆ ఏళ్లలో మనవాళ్ల పిల్లలు ఇక్కడ ఏ బేస్‌మెంట్‌లో చూసినా నలుగురేసి ఉండేవారు. ఆమె కో-ఆప్, అంటే చదువులో భాగంగా చేయాల్సిన ఉద్యోగం, మా దగ్గరే. కంపెనీ మంచి రిపోర్ట్ ఇస్తేనే సెమిస్టర్ గట్టెక్కుతుంది. మొదటి రోజే నన్ను అంకుల్ అంది. "ఆఫీసులో సార్ అను" అన్నాను. మర్నాడూ అంకుల్ అనే అంది.

పని నేర్పేటప్పుడు నా బల్ల మీది నమూనా బ్యాగు ఆమె చేతికిచ్చాను. మూడేళ్ల కిందట షాపు బిల్లుతో సహా వచ్చింది, నేనే పరీక్షించి అసలుదని తేల్చాను. "దీన్ని కళ్లల్లో పెట్టుకో. ఈ రకంలో దీనిలా లేనిది ఏదైనా నకిలీయే" అన్నాను. పాపం, ఆ పిల్ల దానికి వంద ఫొటోలు తీసుకుంది.

ఒక సోమవారం గొడవ మొదలైంది. ఆమె సరే అన్న బ్యాగును కొన్నావిడ రిపేరుకి తయారీదారుల షాపుకే తీసుకెళ్లింది. ఇది మాది కాదని వాళ్లు ముట్టుకోలేదట. మేనేజర్ మండిపడ్డాడు. ఆ అమ్మాయి అజాగ్రత్తగానైనా చూసి ఉండాలి, అమ్మినవాడితో కుమ్మక్కైనా అయి ఉండాలి, శుక్రవారంతో ఆమె పని ఆఖరు అన్నాడు. నేనూ తక్కువ తినలేదు.

"కళ్లు ఎక్కడ పెట్టుకుని చూశావమ్మా? నా పరువు కూడా తీశావు కదా!"

ఆమె ఏడవలేదు. "ఫొటోల్ల అంతా మీ బ్యాగు లెక్కనే ఉండె అంకుల్" అంది, అంతే.

బుధవారం ఆ బ్యాగు నా బల్ల మీదికి వచ్చింది. తప్పెక్కడుందో ఆమెకు చూపించాలని పక్కన నిలబెట్టుకున్నాను. "ఫొటోకి వాసన ఉండదు, బరువుండదు. మనం ఏ పన్నెండు ఫొటోలు అడుగుతామో నకిలీవాడికీ తెలుసు. ఆ పన్నెండు చోట్లా లోపం లేకుండా చేస్తాడు. చేత్తో పడితేగానీ దొరకడు, చూడు" అంటూ మొదలుపెట్టాను. నమూనా బ్యాగునీ దీన్నీ తూకం వేశాను. లోపలి గుడ్డ బయటికి లాగి కుట్లు లెక్కపెట్టాను. జిప్పు వంద సార్లు లాగాను. తోలు వాసన చూశాను. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. గంట తర్వాత రెండు బ్యాగులూ బల్ల మీద పడేశాను.

"మరి ల్యాబ్‌కి పంపిద్దామా అంకుల్?" అంది. తర్వాత కాస్త భయపడుతూ, "కోప్పడొద్దు. మీ బ్యాగు కూడా పంపుదాం. రెండూ ఒక్కతీరుగ ఉన్నయంటే, ఒకటి అసలుది ఒకటి నకిలీది ఎట్లయితది?"

ఒళ్లు మండింది. నా బ్యాగునే అనుమానిస్తుందా! కానీ ఆమె లెక్క సరిగ్గానే ఉంది. రెండూ పంపించాను.

నార్త్ యార్క్‌లోని ఆ ల్యాబ్‌లో, తయారీదారుల షాపులో వాళ్లే స్వయంగా కొన్న బ్యాగుల కొలతలు దాచిపెట్టి ఉంటాయి. బ్యాగు గొళ్లెం మీది మెరుగు పూత కింద ఏ లోహాలు ఏ పాళ్లలో కలిశాయో ఎక్స్‌రే యంత్రం చెబుతుంది. తోలు అంచులకు పూసిన రంగు దేనితో చేశారో మరో యంత్రం చెబుతుంది. కంటికీ చేతికీ అందని సంగతులవి. శుక్రవారం మధ్యాహ్నం రిపోర్ట్ వచ్చింది. రెండు బ్యాగులూ ఒకదానితో ఒకటి సరిపోయాయి. అసలువాటితో రెండూ సరిపోలేదు.

బిల్లు నిజమే, బ్యాగు కాదు. మూడేళ్లుగా నకిలీని ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆ పిల్ల తప్పుగా చూడలేదు, నేను చూపించిందే చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మేనేజర్ గదిలోకి ఆమెను వెంటబెట్టుకుని వెళ్లాను. "ఆమె సరిగ్గానే పోల్చింది. పోల్చమని ఇచ్చింది నేను. తీసెయ్యాలంటే నన్ను తీసెయ్యండి" అన్నాను. ఆయన రిపోర్ట్ రెండుసార్లు చదివి, మా ఇద్దరినీ వెళ్లి పని చూసుకోమన్నాడు. ఆమె కో-ఆప్ నిలిచింది.

బల్ల దగ్గరికి వచ్చాక, "నన్ను క్షమించమ్మా" అన్నాను. మా ఇంట్లో కూడా ఎవరూ నా నోట విని ఎరగని మాట.

"అయ్యో, ఊరుకోండి అంకుల్" అంటూ ఆమె తన కంప్యూటర్ తెరిచింది. మూడేళ్లలో నకిలీవని నేను తిప్పి పంపిన బ్యాగుల జాబితా తెర మీదికి వచ్చింది. మూడో వరసలో ఒకావిడ పేరుంది. అది తన తల్లి బ్యాగని చెబుతూ కౌంటర్ దగ్గర ఏడ్చిందావిడ. నా నమూనాలా లేదని, అందరి ముందూ ఆమెను దొంగ అన్నాను.

"ఈమెకు ముందు ఫోన్ చేద్దామా?" అని అడిగింది అమ్మాయి. నేను కుర్చీ లాక్కుని, నంబరు చెప్పమన్నాను.